పంద్రాగస్టుకు తల్లిదండ్రుల గ్రూపులో పెట్టే మెసేజ్

మన సొసైటీ దాతలు ఏటా పిల్లలకు యూనిఫారం, బూట్లు, నోటు పుస్తకాలు ఇస్తున్నారు. జూన్‌లో ఇచ్చిన రెండు జతలు ఏడాదంతా సరిపోతాయని ఇచ్చేవారి లెక్క. స్కూల్లో ఏదైనా కార్యక్రమం వచ్చినప్పుడు మాత్రం ఆ లెక్క తప్పుతుంది. ఇంట్లో ఉన్న బట్టలతో పిల్ల రావచ్చా, కొత్తవి కొనాలా, తండ్రి ఆ పూట పని మానుకోవాలా, పిల్లను అసలు పంపకుండా ఉండటమే నయమా అన్నవి చాలా ఇళ్లలో వాట్సాప్‌లో వచ్చే నాలుగు వాక్యాలను బట్టి తేలుతాయి. దాతలకు ఈ మెసేజ్‌లు కనిపించవు. విరాళంలో కొంత భాగం వృథా అయ్యేదీ, కాపాడబడేదీ మాత్రం ఇక్కడే. కాబట్టి ఒక్క మెసేజ్‌ను తీసుకుని, దాన్ని ఎలా రాస్తే ఏం జరుగుతుందో ఈ పేజీల్లో వివరిస్తాను.

ఉదాహరణగా 2025 ఆగస్టు 15ను తీసుకుందాం. ఆ రోజు శుక్రవారం, అంటే జుమ్మా. మూడో తరగతిలో 38 మంది పిల్లలు ఉన్నారనుకోండి. పన్నెండు మంది డ్రిల్లులో ఉన్నారు, ఐదుగురు వేషాలు వేస్తున్నారు, మిగిలినవాళ్లు వరుసల్లో నిలబడి జెండా వందనం చేస్తారు. తండ్రుల్లో ఆటో నడిపేవారు, మెకానిక్ షెడ్డులో పనిచేసేవారు, తోపుడు బండి మీద పళ్లు అమ్మేవారు ఉన్నారు. తల్లుల్లో కొందరు ఇంట్లోనే కుట్టుపని చేస్తారు. మన బస్తీ స్కూళ్లలో ఏ తరగతి చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

మామూలుగా గ్రూపులో వచ్చే మెసేజ్ ఈ తీరులో ఉంటుంది:

"డియర్ పేరెంట్స్, 15వ తేదీన మన పాఠశాలలో స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలు ఘనంగా నిర్వహించబడును. విద్యార్థులందరూ ఉదయం 7.30 గంటలకు తెల్లని దుస్తులలో తప్పక హాజరు కావలెను. సాంస్కృతిక కార్యక్రమాలలో పాల్గొనువారు తగిన వేషధారణతో రావలెను. కావలసిన వస్తువులు వెంట తెచ్చుకొనవలెను. ఆలస్యముగా వచ్చినవారు అనుమతించబడరు. ఇట్లు, ప్రధానోపాధ్యాయులు."

భాషలో తప్పేమీ లేదు. నోటీసు బోర్డుకైతే ఇది బాగానే ఉంటుంది. ఇంట్లో కూర్చుని చదివే తల్లికి మాత్రం ఇందులో దొరికే సమాచారం ఒక్కటే, 7.30 అన్న అంకె. మిగతా ప్రతి వాక్యమూ ఆమెకు ఒక ప్రశ్నగా మిగిలిపోతుంది. ఇలాంటి మెసేజ్ పోయిన అరగంటలోనే క్లాసు టీచరు ఫోను మోగడం మొదలవుతుంది. "టీచరమ్మా, మా అమ్మాయికి తెల్ల చున్నీ లేదు, యూనిఫారం చున్నీ వేసి పంపితే బయట నిలబెడతారా?" "మేడం, ఎన్నింటికి అయిపోతుంది? జుమ్మాకు ముందే కదా?" "కావలసిన వస్తువులు అంటే ఏం తేవాలమ్మా?" ఫోను చేసినవాళ్ల సందేహం ఎలాగో తీరుతుంది. మనం ఆలోచించాల్సింది చేయని వాళ్ల గురించి.

తెల్లబట్టలు అన్న ఒక్క మాట

ముందుగా బట్టల సంగతి చూద్దాం, ఎక్కువ ఖర్చు అయ్యేది అక్కడే. "తెల్లని దుస్తులు" అని రాసిన టీచరు మనసులో ఏదో ఒక బొమ్మ ఉంటుంది. మైదానంలో పిల్లలంతా ఒకే రంగులో నిలబడితే చూడముచ్చటగా ఉంటుందని ఆ మాట రాస్తారు. దాన్ని ఒక్కో ఇంట్లో ఒక్కోలా అర్థం చేసుకుంటారు. ప్యాంటు కూడా తెల్లదే కావాలా? బూట్లు కూడానా? అమ్మాయిలకు ఫ్రాకా, సల్వార్ కమీజా? తలమీద వేసుకునే స్కార్ఫు ఏ రంగు? మీగడ రంగు పనికొస్తుందా?

సందేహం ఉన్నప్పుడు పేద కుటుంబం చవక అర్థాన్ని తీసుకుంటుందని మనం అనుకుంటాం. నేను చూసినంతవరకూ జరిగేది దానికి తలకిందులు. నలుగురిలో పిల్లను పక్కన నిలబెడతారేమోనన్న భయంతో అందరికంటే ఖరీదైన అర్థాన్నే తీసుకుంటారు. చొక్కా ఒక్కటి సరిపోయే చోట చొక్కా, ప్యాంటు, క్యాన్వాస్ బూట్లు, సాక్సు అన్నీ కొంటారు. బజారులో ఎంత చవకరకం చూసినా ఒక పిల్లవాడికి ఇవన్నీ కలిపి ఎనిమిది తొమ్మిది వందలు అవుతాయి. అదే ఇంటి నుంచి ముగ్గురు వస్తుంటే రెండున్నర వేలు దాటుతుంది. ఆ తెల్లబట్టలను మళ్లీ వేసుకునేది జనవరి 26కు, అప్పటికి పొట్టి కాకుండా ఉంటేనే. కొనలేని ఇల్లు ఆ రోజు పిల్లకు జ్వరమని చెబుతుంది. హాజరు పట్టీలో పడే ఆ జ్వరాల్లో కొన్నింటికి మందు ఒక చొక్కా.

ఇక్కడ చేయాల్సింది రెండు పనులు. వరుసల్లో నిలబడే పిల్లలకు యూనిఫారమే డ్రెస్సు అని తేల్చి రాయడం మొదటిది. ఉతికిన యూనిఫారం, ఉన్న బూట్లు లేదా చెప్పులు, తలకు రోజూ వేసుకునే స్కార్ఫు లేదా టోపీ. "కొత్తవి ఏవీ కొనవద్దు" అన్న వాక్యాన్ని విడిగా రాయాలి. "కొనాల్సిన అవసరం లేదు" అని రాస్తే కొంటే బాగుంటుందనే ధ్వని వస్తుంది. కొనవద్దు అనేస్తే పక్కింటివాళ్లు కొన్నారు కాబట్టి మనమూ కొనాలన్న పోటీ పోతుంది.

రెండోది, డ్రిల్లు పిల్లలకు తెల్లబట్టలు తప్పనిసరి అయితే స్కూలే సమకూర్చడం. దీనికి కూడా కొత్త బట్టలే అక్కర్లేదు. మన ఇళ్లలో మగపిల్లలకు చాలామందికి ఈద్‌కు కుట్టించిన తెల్ల కుర్తా పైజామా ఉంటుంది. 2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది. రెండు నెలల కిందటి జత ఆగస్టుకు పొట్టి కాదు. పన్నెండు మందిలో ఎవరికి ఈద్ జత ఉందో తరగతిలోనే తెలుసుకుని, లేనివారికి మాత్రమే స్కూలు బట్టలు ఇస్తే సరిపోతుంది. అయితే ఈ ప్రశ్నను గ్రూపులో అడగకూడదు. "తెల్లబట్టలు లేనివారు చేతులెత్తండి" అని తరగతిలోనూ అడగకూడదు. వాట్సాప్‌లో పోల్ పెట్టే వీలుంది, అందులో ఎవరు దేనికి ఓటు వేశారో అందరికీ కనిపిస్తుంది. పోల్‌తో "మా ఇంట్లో లేవు" అని ముప్పై ఏడు ఇళ్ల ముందు చెప్పించినట్టవుతుంది. డ్రిల్లు సాధన రోజు పిల్లలను ఒక్కొక్కరినీ కొలతకు పిలిచి, "నీ దగ్గర ఉన్న తెల్ల కుర్తా తెస్తావా, స్కూలుది వేసుకుంటావా?" అని అడిగితే రెండు దారులూ సమానంగా కనబడతాయి. పిల్లవాడు సిగ్గుపడడు.

వేషాల సంగతీ ఇంతే. "తగిన వేషధారణ" అంటే అద్దె దుకాణమే. ఒక పూటకు రెండు మూడు వందల అద్దె, దాని మీద డిపాజిట్. వేషం ఎవరిదో టీచరే నిర్ణయిస్తారు కాబట్టి ఖర్చును కూడా ఆయనే నిర్ణయిస్తున్నట్టు. ఝాన్సీ లక్ష్మీబాయి అంటే కత్తి, డాలు, నగలు కావాలి. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అయితే పొడుగు కుర్తా, సల్వారు చాలు. మౌలానా అబుల్ కలాం ఆజాద్‌కు షేర్వాణీ కావాలి, అది ఇరుగుపొరుగున ఎవరో ఒక పిల్లవాడి పెళ్లిబట్టల్లో దొరుకుతుంది. టోపీ, అద్దాలు లేని కళ్లజోడు ఇంట్లోవే సరిపోతాయి. మన జెండా రూపకల్పన చేసిన పింగళి వెంకయ్య గారికి పంచె, ఉత్తరీయం చాలు. వేషాలు పంచే ముందు ఒక్కసారి ఈ కోణంలో చూస్తే అద్దె దుకాణం సగానికి పైగా తప్పుతుంది.

దాతలకు ఇక్కడ ఒక మాట. స్కూల్లో ఒక బీరువా పెట్టి, పాతిక తెల్లజతలు, అయిదారు రకాల వేషాల బట్టలు, సైజు చీటీలతో ఉంచితే ఏటా మూడు నాలుగు కార్యక్రమాలకు పనికొస్తాయి. ఒక పుస్తకంలో ఎవరికి ఏది ఇచ్చారో, ఎప్పుడు తిరిగొచ్చిందో రాసుకోవాలి. ఇది పిల్లలందరూ వాడుకునే ఉమ్మడి సామగ్రి. జకాత్ సొమ్ము అర్హుల చేతికి సొంతంగా అందాలన్నది మన ఉలమాలు చెప్పే నియమం. అందుకని ఈ బీరువాకు ఇచ్చేది సాధారణ విరాళంగానో సదఖాగానో ఇచ్చి, రసీదు మీద ఆ సంగతి రాయించుకోవడం మంచిది.

ఒక టైము కాదు, నాలుగు

"ఉదయం 7.30" అని రాసినప్పుడు అది ఏ టైము? పిల్ల గేటు దగ్గరకు రావాల్సిన టైమా, జెండా ఎగరేసే టైమా? సగం మంది ఒకటి అనుకుంటారు, సగం మంది రెండోది అనుకుంటారు. జెండా ఎగరేసే టైము అనుకున్నవాళ్లు ఇంట్లోంచి ఆ టైముకు బయల్దేరతారు. కార్యక్రమాలు ఎప్పుడూ ఆలస్యంగానే మొదలవుతాయని అనుభవం ఉన్నవాళ్లు ఎనిమిదికి వస్తారు. ఆ అనుభవం మనం ఇచ్చిందే కాబట్టి వాళ్లను తప్పు పట్టలేం.

మెసేజ్‌లో నాలుగు టైములు ఉండాలి. పిల్ల గేటు దగ్గరకు రావాల్సినది, జెండా ఎగరేసేది, కార్యక్రమం ముగిసేది, పిల్లను తీసుకెళ్లాల్సినది. అన్నిటికంటే అవసరమైనది చివరిది. మామూలు మెసేజ్‌ల్లో ఎప్పుడూ ఉండనిది కూడా అదే. రోజుకూలీ మీద బతికే తండ్రికి 7.30కు పిల్లను దింపడం కష్టం కాదు. ఎప్పుడు తిరిగి రావాలో తెలియకపోతే ఆ పూటంతా బేరాలు వదులుకోవాలి. పది గంటల పదిహేను నిమిషాలకు గేటు దగ్గర ఉంటే చాలని తెలిస్తే మధ్యలో రెండు బేరాలు చూసుకుంటాడు.

2025లో ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. శుక్రవారం కాబట్టి పిల్లలు ఇంటికి చేరి, స్నానం చేసి, తండ్రితో జుమ్మాకు వెళ్లాలి. పదింటికి కార్యక్రమం ముగిస్తే ఎవరికీ తొందర ఉండదు. ముఖ్య అతిథి రాక ఆలస్యమై పదకొండున్నర దాటిందంటే గేటు దగ్గర తండ్రులు గుమిగూడతారు, పిల్లలను మధ్యలోనే లాక్కెళ్తారు, చివర్లో ఉన్న మూడో తరగతి నాటిక ఖాళీ కుర్చీల ముందు జరుగుతుంది. చిన్నపిల్లల అంశాలను ముందు పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది. అలా పెట్టినట్టు మెసేజ్‌లో రాస్తే తల్లులు కూడా చూడటానికి వస్తారు.

సెలవు రోజు కావడం వల్ల మరో రెండు చిక్కులు ఉన్నాయి, వీటిని ఎవరూ రాయరు. రోజూ పిల్లలను తెచ్చే స్కూలు ఆటో ఆ రోజు నడుస్తుందా? ఆటోవాళ్లను ముందే అడిగి, నడవకపోతే "ఆ రోజు ఆటో రాదు, మీరే దింపాలి" అని స్పష్టంగా రాయాలి. రెండోది తిండి. ఆ రోజు మధ్యాహ్న భోజనం ఉండదు, మిఠాయి మాత్రం ఇస్తారు. పొద్దున ఆరున్నరకే లేచి ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఎండలో రెండు గంటలు నిలబడితే కళ్లు తిరిగి పడిపోతుంది. ప్రతి ఏడూ ఏదో ఒక వరుసలో ఇది జరుగుతూనే ఉంటుంది. "టిఫిన్ తినిపించి పంపండి" అన్న మూడు మాటలు వస్తువుల జాబితా కంటే ముందు రావాలి.

"ఆలస్యముగా వచ్చినవారు అనుమతించబడరు" అన్న వాక్యాన్ని తీసేయాలని నా అభిప్రాయం. దీనివల్ల ఆలస్యం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. జరిగేది ఏమిటంటే, ఇంట్లో ఏదో పని పడి 7.40 అయిన తల్లి ఇంక పంపడం దండగని మానేస్తుంది. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే పిల్ల రాకుండానే పోతుంది. "ఆలస్యమైతే పక్క గేటు నుంచి లోపలికి పంపండి, ఆయా తీసుకొచ్చి కూర్చోబెడుతుంది" అని రాయడం వల్ల నష్టం ఏమీ లేదు.

వస్తువుల విషయం పెద్దగా చెప్పాల్సింది లేదు. మంచినీళ్ల సీసా, చేతిరుమాలు, అంతే. పుస్తకాల సంచీ వద్దని రాయాలి, లేకపోతే సగం మంది తెస్తారు. జెండా గురించి మాత్రం తప్పక రాయాలి. ముందురోజు సాయంత్రం బజారులో ప్లాస్టిక్ జెండాలు అమ్ముతారు, పిల్లలు మారాం చేసి కొనిపించుకుంటారు. ప్లాస్టిక్ జెండాలు వాడవద్దని కేంద్ర హోంశాఖ ప్రతి ఏటా చెబుతూనే ఉంది. కాగితం జెండాలను ఊపవచ్చుగానీ, కార్యక్రమం అయ్యాక నేల మీద పడేయకూడదని 2002 నాటి జెండా నియమావళి చెబుతుంది. అందుకని స్కూలే కాగితం జెండాలిచ్చి, అయిపోయాక తిరిగి తీసుకోవడం అన్నివిధాలా తేలిక.

రెండు మెసేజ్‌లు, రెండు తేదీలు

బట్టల సంగతి, టైముల సంగతి ఒకే మెసేజ్‌లో పెట్టకూడదు. బట్టలకు వ్యవధి కావాలి. టైములు ముందుగా చెబితే మరచిపోతారు. ఆగస్టు 15 శుక్రవారం అయితే బట్టల మెసేజ్ ఆగస్టు 5 మంగళవారం నాటికి వెళ్లాలి. అప్పుడు మధ్యలో ఒక ఆదివారం దొరుకుతుంది, కుట్టుపని ఏదైనా ఉంటే ఆ రోజు చేసుకోవచ్చు. టైముల మెసేజ్ 14వ తేదీ గురువారం రాత్రి వెళ్లాలి.

రాత్రి అనడానికి కారణం ఉంది. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఒక్కటే, అది పగలంతా తండ్రి జేబులో ఉంటుంది. పగలు పదకొండుకు పెట్టిన మెసేజ్‌ను ఆయన ఆటో స్టాండులో తెరిచి చూస్తాడు, ఇంటికొచ్చేసరికి మరచిపోతాడు. పిల్లను తయారుచేసేది తల్లి. ఇషా నమాజు తర్వాత, ఎనిమిదిన్నరా తొమ్మిది మధ్య పెడితే ఫోను ఇంట్లో ఉంటుంది, తల్లి చేతికి వస్తుంది. గ్రూపులో మెసేజ్‌ను నొక్కి చూస్తే ఎవరెవరి ఫోనులో చదివారో తెలుస్తుంది. అక్కడ పేరు కనబడినంత మాత్రాన తల్లికి తెలిసిందని అనుకోకూడదు.

భాష గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మన ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ, పిల్లలు బడిలో చదివేది తెలుగో ఇంగ్లీషో. తల్లుల్లో కొందరు ఉర్దూ మాత్రమే చదవగలరు, కొందరు ఏదీ చదవలేరు. తెలుగులో రాసిన మెసేజ్ కిందే, అదే విషయాన్ని ఇంట్లో మాట్లాడే ఉర్దూలో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్‌గా చదివి పెడితే వాళ్లకు అందుతుంది. నిమిషం దాటితే వినరు. టైములను రెండుసార్లు చెప్పాలి.

ఇక 14వ తేదీ రాత్రి వెళ్లాల్సిన మెసేజ్‌ను రాసి చూద్దాం:

"*రేపు, ఆగస్టు 15 శుక్రవారం – మూడో తరగతి*
పిల్లలు గేటు దగ్గరకు: ఉదయం 7.30
జెండా వందనం: 8.00
ముగింపు: 10.00
*మీరు తీసుకెళ్లాల్సింది: 10.15, పెద్ద గేటు దగ్గర*
జుమ్మాకు ముందే పిల్లలు ఇంటికి చేరతారు.
డ్రెస్సు: ఉతికిన యూనిఫారం. కొత్తవి ఏవీ కొనవద్దు. డ్రిల్లు, వేషాల పిల్లలకు బట్టలు స్కూల్లోనే ఇస్తాం, వాళ్లు 7.00కు రావాలి.
టిఫిన్ తినిపించి పంపండి. నీళ్ల సీసా ఇవ్వండి. సంచీ వద్దు, జెండా కొనవద్దు.
స్కూలు ఆటో రేపు రాదు.
వాన పడినా కార్యక్రమం ఉంటుంది, వరండాలో జరుపుతాం.
ఆలస్యమైతే పక్క గేటు నుంచి పంపండి.
చూసినవారు బొటనవేలు గుర్తు నొక్కండి చాలు."

పొడవాటి మెసేజ్‌ను వాట్సాప్ సగంలో ఆపి మిగతాది నొక్కి చూడమంటుంది. చాలామంది నొక్కరు. అందుకే టైములు పైన ఉండాలి, "డియర్ పేరెంట్స్" దగ్గర మొదలుపెట్టకూడదు. మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే అది లావుగా కనిపిస్తుంది. లావు అక్షరాలు రెండు చోట్లే వాడాలి, అన్నీ లావైతే ఏదీ కనిపించదు. తేదీ, తరగతి తప్పక ఉండాలి. ఇవి లేని మెసేజ్‌లు కాలనీ గ్రూపుల్లో ఫార్వర్డ్ అయి, ఏడాది తర్వాత మళ్లీ బయటికొచ్చి గందరగోళం చేస్తాయి.

చివరి వాక్యం చిన్నదే కానీ దాని వెనుక కష్టం ఉంది. "అందినట్టు తెలపండి" అంటే ముప్పై ఎనిమిది "ఓకే మేడం"లు, వాటితో పాటు పూల బొమ్మలు వస్తాయి, అసలు మెసేజ్ పైకి వెళ్లిపోతుంది. ఆలస్యంగా చూసినవాళ్లకు అది దొరకదు. అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా గ్రూపును మూసేయవచ్చు, అప్పుడు అడగాల్సినవాళ్లు కూడా అడగరు. మెసేజ్ మీదే గుర్తు నొక్కమంటే గ్రూపు నిండదు, ఆ మెసేజ్‌ను ఒక రోజుపాటు పైన పిన్ చేసి ఉంచితే ఎప్పుడు చూసినా దొరుకుతుంది.

టైము మారితే ఏం చేయాలి? పెట్టిన మెసేజ్‌ను పదిహేను నిమిషాల లోపు దిద్దుకునే వీలు వాట్సాప్‌లో ఉంది. దిద్దినట్టు ఎవరికీ కొత్తగా మోగదు, ముందే చదివినవాళ్లు పాత టైముతోనే ఉండిపోతారు. పాతదాన్ని అందరికీ తొలగించి, "మార్పు" అనే మాటతో మొదలయ్యే కొత్త మెసేజ్ పెట్టాలి, వాయిస్ కూడా మళ్లీ చెప్పాలి. అతిథి ఒక గంట ఆలస్యంగా వస్తారని రాత్రి పదికి తెలిస్తే మాత్రం నా సలహా మార్చకుండా ఉండటమే. జెండా ఎనిమిదికే హెడ్మాస్టరు ఎగరేయవచ్చు, అతిథి వచ్చాక ప్రసంగం పెట్టుకోవచ్చు. ముప్పై ఎనిమిది ఇళ్లు తమ పొద్దును ఆ టైము మీద కట్టుకున్నాయి.

వేషాల ఐదుగురి తల్లిదండ్రులకు విడిగా రాయాలి. బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకుంటే తేలికే, కానీ మన నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. జూన్‌లోనే అందరినీ సేవ్ చేసుకోమని చెప్పాలి. ఫోనే లేని ఇళ్లు తరగతికి నాలుగైదు ఉంటాయి. వాళ్లకు 13వ తేదీ బుధవారం డైరీలో చీటీ అతికించి, గురువారం పొద్దున సంతకమో వేలిముద్రో చూడాలి. గురువారం సాయంత్రం చీటీ ఇస్తే చూసుకునే రోజు మిగలదు.

ఫోటోల గురించి ఒక మాట రాయడం కూడా మంచిది. ఆడపిల్లల ఫోటోలు గ్రూపులో పెట్టడం కొందరు తల్లిదండ్రులకు ఇష్టం ఉండదు, గ్రూపులో అందరి ముందూ వద్దనడానికి మొహమాటపడతారు. "ఫోటోలు గ్రూపులో పెట్టం, కావలసినవారికి వారి పిల్లలవి మాత్రం విడిగా పంపుతాం" అని ముందే రాస్తే ఆ ఇబ్బంది ఉండదు. దాతలకు పంపే ఫోటోల్లోనూ బట్టలు అందుకున్న పిల్లల ముఖాలు కనబడకుండా చూడమని సొసైటీ పెద్దలను కోరుతున్నాను. డ్రిల్లులో అందరూ తెల్లబట్టల్లోనే ఉంటారు, ఎవరివి బీరువావో ఎవరివి ఇంటివో ఫోటోలో తెలియాల్సిన పనిలేదు.

కార్యక్రమం అయ్యాక పంపాల్సిన మెసేజ్ ఒకటే. 16వ తేదీ శనివారం కృష్ణాష్టమి, మర్నాడు ఆదివారం, బడి మళ్లీ తెరిచేది 18 సోమవారం. "స్కూలు బట్టలు సోమవారం తెచ్చి ఇవ్వండి. ఉతికి ఇవ్వనక్కర్లేదు, ఉతికించే పని స్కూలుదే." ఉతికి ఇవ్వమని రాస్తే వానాకాలంలో ఆరక కొన్ని జతలు వారం తర్వాత వస్తాయి, కొన్ని రంగు అంటుకుని వస్తాయి, కొందరు తల్లులు మరక పోలేదని సిగ్గుపడి అసలు పంపరు. దోబీ ఖర్చు పాతిక జతలకు కలిపి లెక్కేసి, బీరువా విరాళంలోనే చేర్చుకోవాలి.